సస్పెన్స్ ఖాతాలోకి ఏ తప్పు వెళ్తుంది, ఏది వెళ్ళదు

ప్రశ్న: సార్, ట్రయల్ బ్యాలెన్స్ వేస్తే డెబిట్ టోటల్ క్రెడిట్ కంటే 720 తక్కువ వచ్చింది. సస్పెన్స్ ఖాతా తెరవమన్నారు, తెరిచాను. కానీ దాంతో తప్పు ఎలా దొరుకుతుంది? దొరికిన ప్రతి తప్పునూ సస్పెన్స్ ఖాతా ద్వారానే సరిచేయాలా? ఒక తప్పు సరిచేశాక తేడా తగ్గకపోగా ఇంకా పెరిగింది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

సస్పెన్స్ ఖాతా తప్పును వెతికి పెట్టదు. వెతకాల్సింది మీరే, అదీ పుస్తకాల్లోనే. ఆ ఖాతా చేసే పని వేరు. ఇంకా దొరకని తేడా ఎంతో ఒకచోట నిలిపి ఉంచుతుంది. మీరు ఒక్కో తప్పు సరిచేసినప్పుడల్లా మిగిలింది ఎంతో చూపిస్తుంది. ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు: ప్రతి తప్పూ దాని ద్వారా వెళ్ళదు. ఏది వెళ్తుంది, ఏది వెళ్ళదు అన్నదే ఈ అధ్యాయంలో అసలు విషయం. విద్యార్థులు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది కూడా ఇక్కడే. అందుకే దానికి ఎక్కువ చోటు ఇస్తాను.

ముందు 720 ఏ వైపు వేశారో చూసుకోండి. డెబిట్ టోటల్ తక్కువ వచ్చింది కాబట్టి సస్పెన్స్ ఖాతాకు 720 డెబిట్ బ్యాలెన్స్ ఉండాలి. ఏ వైపు తక్కువైతే ఆ వైపే వేయాలి. ఇది తలకిందులైతే తేడా 720 కాస్తా 1,440 అవుతుంది. ఆ తర్వాత మీరు ఎంత సరిగ్గా వెతికినా ఖాతా ముగియదు.

వెతికేటప్పుడు లెక్కలు రాసిన క్రమానికి ఎదురు నడవాలి. రాసేటప్పుడు బిల్లు నుంచి అమ్మకాల పుస్తకం లాంటి మొదటి పుస్తకంలోకి, అక్కడి నుంచి లెడ్జర్‌లోకి, లెడ్జర్ నుంచి ట్రయల్ బ్యాలెన్స్‌లోకి వస్తాం. వెతికేటప్పుడు ట్రయల్ బ్యాలెన్స్ దగ్గర మొదలుపెట్టాలి. ముందు రెండు టోటల్స్ మళ్ళీ కూడండి. పైనుంచి కిందికి కూడి ఉంటే ఈసారి కింది నుంచి పైకి కూడండి, లేకపోతే కన్ను అదే తప్పు మళ్ళీ చేస్తుంది. తర్వాత ప్రతి లెడ్జర్ బ్యాలెన్స్ ట్రయల్ బ్యాలెన్స్‌లోకి సరైన వైపున, సరైన అంకెతో వచ్చిందో లేదో చూడండి. నగదు, బ్యాంకు బ్యాలెన్స్‌లు క్యాష్ బుక్‌లో ఉంటాయి కాబట్టి లెడ్జర్ ఒక్కటే తిరగేసేవాళ్ళు వాటిని వదిలేయడం చాలా మామూలు. ఆ తర్వాత ఒక్కో ఖాతా బ్యాలెన్స్ సరిగ్గా తేల్చారా అన్నది చూడాలి. ఇవన్నీ సరిపోతేనే పోస్టింగ్ దగ్గరికి వెళ్ళాలి, ఎందుకంటే టైం ఎక్కువ పట్టేది అక్కడే. వెనక నుంచి రావడంలో లాభం కూడా అదే. తక్కువ పనితో దొరికే తప్పులు ముందే బయటపడతాయి.

ఈ వెతుకులాటలో తేడా అంకే కొంత ఆచూకీ చెప్తుంది. మూడు పరీక్షలు మీ పుస్తకంలోనూ ఉండి ఉంటాయి. తేడా మొత్తానికి సమానమైన అంకె ఎక్కడైనా ఉందేమో చూడటం మొదటిది. ఉంటే అది ఒకవైపు పోస్ట్ కాకుండా మిగిలిపోయి ఉండొచ్చు. తేడాలో సగం ఉన్న అంకె కోసం చూడటం రెండోది. డెబిట్ చేయాల్సిన 360ని క్రెడిట్ చేస్తే డెబిట్ వైపు 360 తగ్గుతుంది, క్రెడిట్ వైపు 360 పెరుగుతుంది. మొత్తం తేడా 720 వస్తుంది. అందుకే సగం చూస్తాం.

మూడోది తొమ్మిదితో భాగించి చూడటం. దీని కారణం తెలుసుకుంటే బట్టీ పట్టక్కర్లేదు. పక్కపక్క అంకెలు తారుమారు చేసి 64ని 46 అని రాశారనుకోండి. ఆరు పదులు నాలుగు పదులయ్యాయి, అంటే 20 తగ్గింది. నాలుగు ఒకట్లు ఆరు ఒకట్లయ్యాయి, అంటే 2 పెరిగింది. తేడా 18, అంటే రెండు తొమ్మిదులు. ఆ రెండు అంటే 6కీ 4కీ మధ్య ఉన్న తేడానే. 640ని 460 అని రాస్తే అదే తేడా ఒక స్థానం పైకి జరిగి 180 అవుతుంది. కాబట్టి తేడా 180 వచ్చి, తప్పు ఒక్కటే అయి ఉంటే, వందల అంకెకూ పదుల అంకెకూ మధ్య రెండు తేడా ఉన్న మొత్తాలే ముందు చూడండి. 640, 530, 860 లాంటివన్నమాట. లెడ్జర్ మొత్తం చూడాల్సిన అవసరం తప్పుతుంది. సున్నా వదిలేసి 540ని 54 అని రాసినా తేడా తొమ్మిదితో భాగింపబడుతుంది. 540లోంచి 54 తీసేస్తే 486, దాన్ని 9తో భాగిస్తే 54. అంటే తప్పుగా రాసిన అంకె దానంతటదే బయటికొస్తుంది.

అయితే ఈ మూడు పరీక్షలూ పనిచేసేది ట్రయల్ బ్యాలెన్స్‌ను దెబ్బతీసిన తప్పు ఒక్కటే ఉన్నప్పుడు. నాలుగు తప్పులు కలిస్తే మీకు కనిపించే తేడా వాటి నికర ఫలితం మాత్రమే. అప్పుడు ఈ పరీక్షలు తప్పుదారి పట్టిస్తాయి. మీ పుస్తకాలు నేను చూడలేదు కాబట్టి అదే 720 తేడా వచ్చే ఒక లెక్క తీసుకుని చూపిస్తాను.

ఈ పుస్తకాల్లో 720 అనే మొత్తం ఎక్కడా లేదు. 360 కోసం చూస్తే ఒకటి కంటపడుతుంది. 950కి అప్పు మీద అమ్మిన బిల్లును అమ్మకాల పుస్తకంలో 590 అని రాశారు. తేడా సరిగ్గా 360. పైగా అంకెలు తారుమారయ్యాయి, 360 తొమ్మిదితో భాగింపబడుతుంది కూడా. తప్పు దొరికిందని సంబరపడిపోయి చాలామంది వెంటనే కస్టమర్ ఖాతాకు 360 డెబిట్ చేసి, సస్పెన్స్ ఖాతాకు క్రెడిట్ చేసేస్తారు. సస్పెన్స్‌లో 720 ఉన్నది 360కి తగ్గుతుంది కాబట్టి దారి సరైందే అనిపిస్తుంది కూడా. కానీ ఆ ఎంట్రీ తప్పు.

ఎందుకో చూద్దాం. అమ్మకాల పుస్తకంలో 590 అని పడింది. కస్టమర్ ఖాతాకు పోస్ట్ చేసేవాళ్ళు ఆ పుస్తకం చూసే చేస్తారు, కాబట్టి అక్కడ డెబిట్ 590. నెలాఖరున అమ్మకాల పుస్తకం టోటల్ వేసి అమ్మకాల ఖాతాకు క్రెడిట్ చేస్తారు. ఆ టోటల్‌లో ఉన్నది కూడా 590నే. అంటే డెబిట్‌లో 360 తక్కువ, క్రెడిట్‌లోనూ 360 తక్కువ. రెండు వైపులా ఒకే మొత్తం తగ్గింది కాబట్టి ట్రయల్ బ్యాలెన్స్‌లో దీని వల్ల ఒక్క పైసా తేడా రాలేదు. తేడాకు కారణం కాని తప్పుకు సస్పెన్స్ ఖాతాతో సంబంధం ఉండదు. దీని సవరణ ఇలా ఉండాలి: కస్టమర్ ఖాతా డెబిట్ 360, అమ్మకాల ఖాతా క్రెడిట్ 360. సస్పెన్స్ 720 దగ్గరే ఉంటుంది, ఉండాలి కూడా.

ఇప్పుడు అదే బిల్లును కొంచెం మార్చి చూడండి. అమ్మకాల పుస్తకంలో 950 అని సరిగ్గానే రాశారు, లెడ్జర్‌లో కస్టమర్ ఖాతాకు ఎక్కించేటప్పుడు మాత్రం 590 అని వేశారు. అప్పుడు అమ్మకాల టోటల్‌లో 950 ఉంటుంది, కస్టమర్ దగ్గర 590 ఉంటుంది. ఒక వైపే దెబ్బతింది. ఈసారి కస్టమర్ డెబిట్ 360, సస్పెన్స్ క్రెడిట్ 360 అన్నదే సరైన సవరణ. అంకెలు అవే, బిల్లు అదే, తారుమారు కూడా అదే. మారింది తప్పు జరిగిన చోటు మాత్రమే. అందుకే తప్పు దొరకగానే "ఎంత తేడా?" అని కాకుండా "ఎక్కడ జరిగింది?" అని ముందు అడగాలి. మొదటి పుస్తకంలోనే తప్పు రాస్తే అది రెండు వైపులకూ పాకుతుంది. పోస్టింగ్‌లో గానీ, కూడికలో గానీ, బ్యాలెన్స్ తేల్చడంలో గానీ జరిగితే మామూలుగా ఒక వైపే ఆగిపోతుంది. ఒక్క కస్టమర్ డబ్బును వేరే కస్టమర్ ఖాతాలో వేయడం లాంటివి పోస్టింగ్‌లో జరిగినా, వైపూ మొత్తమూ సరిగ్గానే ఉంటాయి కాబట్టి ట్రయల్ బ్యాలెన్స్ కదలదు. యంత్రం మరమ్మతు ఖర్చును యంత్రాల ఖాతాకు వేయడం లాంటి సిద్ధాంతపరమైన తప్పులూ అంతే.

ఇక మిగిలిన పుస్తకాలన్నీ పోల్చి చూద్దాం. మొదటి పుస్తకంలో అంకెకూ, లెడ్జర్‌లో దాని జోడీకీ పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటూ వెళ్ళాలి. టిక్ పెట్టే ముందు మొత్తం, వైపు రెండూ చూడాలి. మొత్తం ఒక్కటే చూసి టిక్ పెడితే వైపు మారిన పోస్టింగ్ మీ కళ్ళ ముందే తప్పించుకుపోతుంది.

ఈ లెక్కలో అలా తప్పించుకోగలిగింది డిస్కౌంట్. కస్టమర్లకు ఇచ్చిన క్యాష్ డిస్కౌంట్ క్యాష్ బుక్ డెబిట్ వైపు కాలమ్‌లో ఉంటుంది, నెల టోటల్ 180. దాన్ని లెడ్జర్‌లో డిస్కౌంట్ ఖాతాకు క్రెడిట్ చేశారు. ఇలా జరగడానికి కారణం ఉంది. క్యాష్ బుక్ డెబిట్ వైపు ఉన్న వసూళ్ళన్నీ లెడ్జర్‌లో క్రెడిట్ వైపుకే వెళ్తాయి కాబట్టి చెయ్యి అలవాటుగా ఆ టోటల్‌నూ అటే వేస్తుంది. కానీ డిస్కౌంట్ కాలమ్ గుర్తు కోసం పెట్టుకున్నది మాత్రమే, అది ఖాతా కాదు. కస్టమర్ల ఖాతాలు ఒక్కోటిగా అప్పటికే క్రెడిట్ అయిపోయాయి. వాటికి జోడీగా డిస్కౌంట్ ఖాతా డెబిట్ కావాలి. 180 డెబిట్ కావాల్సింది క్రెడిట్ అయింది కాబట్టి సరిచేయడానికి 360 కావాలి. పడిన క్రెడిట్‌ను తుడవడానికి ఒక 180, అసలు పడాల్సిన డెబిట్‌కు ఇంకో 180. సవరణ: డిస్కౌంట్ ఖాతా డెబిట్ 360, సస్పెన్స్ క్రెడిట్ 360. సస్పెన్స్‌లో మిగిలింది 360.

రెండోది, సప్లయర్‌కు కట్టిన 640 క్యాష్ బుక్‌లో సరిగ్గానే ఉంది, సప్లయర్ ఖాతాలో మాత్రం డెబిట్ 460 అని పడింది. క్యాష్ బుక్ సరైనది కాబట్టి ఇది ఒకవైపు తప్పే. సప్లయర్ ఖాతా డెబిట్ 180, సస్పెన్స్ క్రెడిట్ 180. మిగిలింది 180.

మూడోది అమ్మకాల పుస్తకం టోటల్. ఒక పేజీలో కూడిక 20 తక్కువ పడింది. కస్టమర్ల ఖాతాలకు ఒక్కో బిల్లూ విడిగా సరిగ్గానే వెళ్ళింది, తగ్గింది అమ్మకాల ఖాతా క్రెడిట్ మాత్రమే. సవరణ: సస్పెన్స్ డెబిట్ 20, అమ్మకాల ఖాతా క్రెడిట్ 20. ఇప్పుడు సస్పెన్స్‌లో 180 ఉన్నది 200కి పెరిగింది.

మీకు టెన్షన్ పెట్టింది బహుశా ఇలాంటిదే. తేడా పెరిగినంత మాత్రాన సవరణ తప్పని కాదు. ఈ కూడిక తప్పు క్రెడిట్‌ను తగ్గించింది, మిగిలిన తప్పులు డెబిట్‌ను తగ్గించాయి. ఒకదానికొకటి ఎదురు పనిచేయడం వల్ల డెబిట్‌లో నిజంగా ఉన్న లోటులో 20 అప్పటిదాకా కనబడలేదు. క్రెడిట్ వైపు సరి కాగానే ఆ 20 బయటపడింది. సస్పెన్స్ బ్యాలెన్స్ తగ్గుతోందా పెరుగుతోందా అని చూసి సవరణ తప్పొప్పులు తేల్చకండి. ఏం రాశారు, ఏం రాయాల్సింది అన్న రెండింటినీ పక్కపక్కన పెట్టి తేల్చండి.

చివరిది కొనుగోళ్ల పుస్తకం. ఒక పేజీ టోటల్ తర్వాతి పేజీకి తీసుకెళ్ళేటప్పుడు 200 తక్కువ పడింది. కొనుగోళ్ల ఖాతా డెబిట్ 200, సస్పెన్స్ క్రెడిట్ 200. ఇక ఖాతా ఇలా ముగుస్తుంది:

సస్పెన్స్ ఖాతా డెబిట్ వైపు: ట్రయల్ బ్యాలెన్స్ తేడా 720, అమ్మకాలు 20. మొత్తం 740.
సస్పెన్స్ ఖాతా క్రెడిట్ వైపు: డిస్కౌంట్ 360, సప్లయర్ 180, కొనుగోళ్ళు 200. మొత్తం 740.

మొదట్లో ఆ 950 బిల్లును సస్పెన్స్ ద్వారా సరిచేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు చూడండి. నిజమైన నాలుగు తప్పులూ సరిచేశాక కూడా సస్పెన్స్‌లో 360 క్రెడిట్ మిగిలిపోతుంది. అమ్మకాల ఖాతా 360 తక్కువగానే ఉండిపోతుంది. మీరు లేని ఐదో తప్పు కోసం లెడ్జర్ మళ్ళీ మొదటి నుంచీ తిరగేస్తారు. అన్నీ చూసేశాననిపించినా సస్పెన్స్ వ్యతిరేక వైపున ఆగిపోతే, కొత్త తప్పు వెతికే ముందు మీరు రాసిన సవరణ ఎంట్రీలనే మళ్ళీ చదవండి. వాటిలో ఏదో ఒకటి రెండువైపుల తప్పు అయి ఉండే అవకాశం ఎక్కువ.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. సస్పెన్స్ సున్నా అయిందంటే పుస్తకాలన్నీ సరైనవని అర్థం కాదు. ఆ 590 బిల్లు మనకు కనబడకపోయినా ఖాతా 740 దగ్గర ఇంతే చక్కగా ముగిసేది. రెండువైపుల తప్పులు ట్రయల్ బ్యాలెన్స్‌కూ తెలియవు, సస్పెన్స్‌కూ తెలియవు. వాటిని బిల్లులతో, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో, కస్టమర్లు పంపే లెక్కలతో పోల్చినప్పుడే పట్టుకోగలం.

ఖాతాలు వందల్లో ఉంటే ఈ టిక్ పద్ధతి ఒక్కటే చాలా భారం. అందుకే కస్టమర్లందరికీ కలిపి ఒకటి, సప్లయర్లందరికీ కలిపి ఒకటి కంట్రోల్ ఖాతాలు పెడతారు. కస్టమర్ల బ్యాలెన్స్‌ల జాబితా మొత్తం వాళ్ళ కంట్రోల్ ఖాతా బ్యాలెన్స్‌తో సరిపోయి, సప్లయర్ల జాబితా మాత్రం 180 తేడా చూపిస్తే, కస్టమర్ల లెడ్జర్ పక్కన పెట్టేసి నేరుగా సప్లయర్ల దగ్గరికి వెళ్ళొచ్చు. మొదటి సంవత్సరంలో దీని గురించి ఇంతవరకు తెలిస్తే చాలు.

పరీక్షలో ఇంకో తేడా గమనించండి. ట్రయల్ బ్యాలెన్స్ వేయకముందే ఒకవైపు తప్పు దొరికితే అప్పటికి సస్పెన్స్ ఖాతాయే లేదు. జోడీ లేదు కాబట్టి పూర్తి జర్నల్ ఎంట్రీ కూడా రాయలేరు. కొనుగోళ్ల పుస్తకం టోటల్ 200 తక్కువైతే, కొనుగోళ్ల ఖాతా డెబిట్ వైపు "టోటల్ తక్కువ పడినందుకు 200" అని వివరణతో నేరుగా రాస్తే సరిపోతుంది. ప్రశ్నలో సస్పెన్స్ ఖాతా తెరిచారని చెప్పారో లేదో ముందు చదవండి. రెండువైపుల తప్పుకు మాత్రం ఎప్పుడు దొరికినా మామూలు జర్నల్ ఎంట్రీయే.

తప్పులు దొరక్కముందే తుది లెక్కలు వేయాల్సి వస్తే, సస్పెన్స్ డెబిట్ బ్యాలెన్స్‌ను ఆస్తి అప్పుల పట్టీలో ఆస్తుల వైపు చూపిస్తారు, క్రెడిట్ బ్యాలెన్స్ అయితే అప్పుల వైపు. అది నిజమైన ఆస్తీ కాదు, అప్పూ కాదు, పట్టీ రెండు వైపులా నిలబడటానికి తాత్కాలికంగా పెట్టినదే. కాబట్టి అప్పుడు తేలిన లాభం మీద కూడా పూర్తి నమ్మకం పెట్టుకోకూడదు. మన లెక్కనే చూడండి. డిస్కౌంట్ సవరణతో లాభం 360 తగ్గుతుంది, కొనుగోళ్ళతో ఇంకో 200 తగ్గుతుంది. అమ్మకాల టోటల్ సరిచేస్తే 20 పెరుగుతుంది, 590 బిల్లు సరిచేస్తే 360 పెరుగుతుంది. సప్లయర్ ఖాతా సవరణ లాభాన్ని తాకదు, ఎందుకంటే అది మనం ఇవ్వాల్సిన బాకీకి సంబంధించింది మాత్రమే. అన్నీ కలిపితే లాభం 180 తగ్గుతుంది. సస్పెన్స్‌లో ఉన్నది 720, లాభంలో మార్పు 180. ఈ రెండూ ఒకటే కావాలని ఎక్కడా లేదు. "లాభంపై ప్రభావం చూపండి" అన్న ప్రశ్నకు సస్పెన్స్ బ్యాలెన్స్‌నే జవాబుగా రాసేయకండి. ఒక్కో సవరణలో తాకిన ఖాతా ఆదాయమా, ఖర్చా, లేక ఆస్తి అప్పుల్లోదా అని చూసి లెక్కకట్టండి. ఇవే తప్పులు పుస్తకాలు మూసేసిన తర్వాత, వచ్చే సంవత్సరంలో దొరికితే పాత సంవత్సరపు డిస్కౌంట్, కొనుగోళ్ళు, అమ్మకాల ఖాతాలు అప్పటికి ముగిసిపోయి ఉంటాయి. అప్పుడు వాటి స్థానంలో లాభనష్టాల సర్దుబాటు ఖాతా వస్తుంది. సప్లయర్ ఖాతా మాత్రం కొత్త సంవత్సరంలోకి బ్యాలెన్స్‌తో సహా వచ్చేసింది కాబట్టి, దానికి నేరుగా 180 డెబిట్ చేయొచ్చు.